పాదం కదులుతోంది కదా, తెగి ఉండదులే అనుకున్నాను

ఆదివారం సాయంత్రం షటిల్ ఆడుతున్నాం. వెనక్కి వేసిన అడుగు మీద నుంచి ఒక్కసారిగా ముందుకు దూకబోయాను, అంతే, కుడి మడమ వెనక టప్పుమని పెద్ద శబ్దం. ఎవరో బ్యాట్‌తో గట్టిగా కొట్టారనుకుని వెనక్కి తిరిగి చూశాను. వెనక ఎవరూ లేరు. అవతల నెట్ దగ్గరున్న మా తమ్ముడికి కూడా ఆ శబ్దం వినబడింది, "అక్కా, బ్యాట్ విరిగిందా?" అని అడిగాడు.

నొప్పి వచ్చింది కానీ ఒక పది నిమిషాల్లో చాలావరకు తగ్గిపోయింది, నన్ను తప్పుదారి పట్టించింది అదే. మడమ వెనక నరం తెగితే భరించలేని నొప్పి ఉంటుందని నా నమ్మకం. పైగా కూర్చుని చూసుకుంటే వేళ్లు కదులుతున్నాయి, పాదాన్ని కిందికి కూడా వంచగలుగుతున్నాను, కుంటుతూ నాలుగడుగులు నడిచాను కూడా. ఆ రాత్రే దగ్గర్లో ఉన్న ఒక క్లినిక్‌కి వెళ్తే ఎక్స్‌రే తీసి, ఎముక బాగానే ఉంది, బెణికింది అన్నారు. క్రేప్ బ్యాండేజ్ చుట్టి, నొప్పి మాత్రలు రాసి, బిగుసుకుపోకుండా పాదాన్ని పైకీ కిందికీ ఆడిస్తూ ఉండమన్నారు. నేను ఆ మాట నమ్మి సోమవారమంతా ఆడిస్తూనే ఉన్నాను. అది తలుచుకుంటే ఇప్పటికీ బాధగా ఉంటుంది, ఎందుకంటే పాదాన్ని పైకి లాగినప్పుడల్లా తెగిన కొసలు ఇంకా దూరం జరుగుతాయి.

మంగళవారం పొద్దున మెట్ల దగ్గర అనుమానం వచ్చింది. ఎడమ కాలు పై మెట్టు మీద పెట్టి, కుడి కాలి ముందు భాగంతో నేలను తన్ని లేద్దామంటే ఆ కాలు అసలు తన్నడం లేదు. నొప్పి వల్ల కాదు, బలమే లేదు. మా తమ్ముడు వెనక నుంచి చూసి, "అక్కా, నీ రెండు మడమలూ ఒకేలా లేవు" అన్నాడు. ఎడమ కాలికి మడమ పైన తాడులా ఉబ్బెత్తుగా కనిపించే నరం, కుడి కాలికి కనిపించడం లేదు, అక్కడ వాపుతో నున్నగా ఉంది, కింద మడమ పక్కన నల్లగా కమిలింది. వేలు పెట్టి చూస్తే మడమ ఎముకకి నాలుగు వేళ్ల పైన మెత్తగా గుంట తగిలింది.

మనం నరం అంటాం కానీ అది నిజానికి పిక్క కండరాన్ని మడమ ఎముకకి కట్టే పెద్ద స్నాయువు, అకిలిస్ టెండన్. ఆ సాయంత్రమే వెళ్లిన ఎముకల డాక్టర్ గారు కుర్చీలో కూర్చోనివ్వలేదు, బల్ల మీద బోర్లా పడుకుని పాదాలు రెండూ బల్ల చివర నుంచి వేలాడేలా పెట్టమన్నారు. అప్పుడే తేడా తెలిసిపోయింది. ఎడమ పాదం సహజంగా వేళ్లు కొంచెం కిందికి వంగి ఉంది, కుడి పాదం మాత్రం పట్టు తప్పినట్టు నిటారుగా వేలాడుతోంది. తరవాత ఎడమ పిక్కని చేత్తో గట్టిగా నొక్కారు, పాదం దానంతటదే కిందికి వంగింది. కుడి పిక్కని అలాగే నొక్కితే పాదం కదల్లేదు. మూడుసార్లు నొక్కారు, ఫోన్‌లో తమ్ముడు తీసిన వీడియోలో నేను కూడా చూశాను, పాదం అస్సలు కదల్లేదు. దీన్ని థాంప్సన్ పరీక్ష అంటారట, ఖర్చు లేదు, అర నిమిషం పని.

"మరి నేను పాదం వంచగలుగుతున్నాను కదండీ" అని అడిగాను. చీలమండ లోపలి వైపు నుంచి, బయటి వైపు నుంచి పాదంలోకి, వేళ్లలోకి వెళ్లే చిన్న స్నాయువులు ఇంకా ఉన్నాయి, గాలిలో పాదాన్ని వంచడానికి అవి చాలు, కానీ ఒంటి బరువుని మడమ మీద నుంచి పైకి లేపడం వాటి వల్ల కాదు అని చెప్పారు. ఎక్స్‌రేలో స్నాయువు కనబడదు కాబట్టి అది మామూలుగా రావడం పెద్ద విషయం కాదట. తెగిందా లేదా అని తేల్చేది చాలావరకు చేతి పరీక్షే. ఇంకో ప్రశ్న కూడా అడిగారు, ఈ మధ్య ఏమైనా యాంటీబయాటిక్ వాడారా అని. మూడు వారాల కింద మూత్రంలో ఇన్ఫెక్షన్‌కి సిప్రోఫ్లాక్సాసిన్ వాడాను. ఆ జాతి మందులు, స్టెరాయిడ్లు స్నాయువుల్ని బలహీనం చేసే అవకాశం ఉందట, నాకు కారణం అదేనని చెప్పలేం కానీ ఇకపై ఏ డాక్టర్‌కైనా ఆ సంగతి చెప్పమన్నారు.

వెంటనే చేసిన పని, వేళ్లు కిందికి ఉండేలా పాదాన్ని వంచి, మోకాలి కింద నుంచి కట్టు వేయడం. ఆ భంగిమలో తెగిన కొసలు ఒకదానికొకటి దగ్గరవుతాయి. చంక కర్రలు ఇచ్చి కుడి కాలి మీద బరువు వేయవద్దన్నారు. ఆ టప్పుమన్న నిమిషంలోనే నేను ఇదే చేసి ఉండాల్సింది: ఆట ఆపడం, ఆ కాలి మీద నడవకపోవడం, గుడ్డలో చుట్టిన ఐసు పావుగంట పెట్టడం, పాదాన్ని కిందికి వంచినట్టే ఉంచి ఆసుపత్రికి వెళ్లడం. మర్దన చేయడం, పాదాన్ని పైకి లాగి సాగదీయడం అస్సలు చేయకూడదు.

మర్నాడు అల్ట్రాసౌండ్ తీశారు. పాదం నిటారుగా ఉంటే మధ్యలో దాదాపు 2 సెంటీమీటర్ల ఎడం, వేళ్లు కిందికి వంచితే కొసలు ఇంచుమించు కలిసిపోతున్నాయి. అందుకే ఆపరేషన్ లేకుండా కూడా ప్రయత్నించవచ్చన్నారు. ఆపరేషన్‌లో పుండు మానకపోవడం, ఇన్ఫెక్షన్ భయం ఉంటాయి, ఆపరేషన్ లేకపోతే మళ్లీ తెగే ప్రమాదం కాస్త ఎక్కువ ఉండొచ్చు, పద్ధతి ప్రకారం బూటు, ఎక్సర్‌సైజులు చేస్తే ఆ తేడా బాగా తగ్గుతుందని చెప్పారు. వారాల తరబడి ఆలస్యమైతే మాత్రం కొసలు ముడుచుకుపోయి, మధ్యలో మచ్చ కణజాలం పెరిగి, పెద్ద ఆపరేషనే అవసరం అయ్యేదట. నేను మూడో రోజున వెళ్లాను కాబట్టి ఈ రెండు దారులూ ఇంకా తెరిచే ఉన్నాయి.

ఆపరేషన్ లేని దారే పట్టాం. రెండు వారాలు పిండి కట్టు, తరవాత మడమ కింద మెత్తటి ముక్కలు పేర్చిన బూటు. చెప్పినప్పుడల్లా ఒక ముక్క తీసేస్తూ పాదాన్ని మెల్లగా నిటారు చేశారు. నిద్రలో కూడా ఆ బూటు తీయనివ్వలేదు, నిద్రమత్తులో ఒక్క తప్పటడుగు పడితే మళ్లీ తెగొచ్చని. నాలుగో వారం పిక్క లోతుగా లాగుతూ ఆ కాలు లావెక్కినట్టు అనిపించి చాలా టెన్షన్ పడ్డాను, ఎందుకంటే కాలు కదలకుండా ఉంటే రక్తం గడ్డకట్టొచ్చనీ, పిక్క వాచినా, ఆయాసం వచ్చినా ఆగకుండా వచ్చేయమనీ ముందే చెప్పారు. అదే రాత్రి వెళ్లి స్కాన్ తీయించుకున్నాను, గడ్డ లేదు.

పదో వారంలో బూటు వదిలాక నాకు తొందర ఎక్కువైంది, పిక్క బిగుసుకుందని గోడకి చేతులానించి సాగదీయబోతే ఫిజియో ఆపారు. ఇప్పుడు సాగితే స్నాయువు పొడుగ్గానే మానిపోతుంది, ఆ తరవాత పిక్క ఎంత బలపడినా తన్నే శక్తి పూర్తిగా రాదన్నారు. మొదట రెండు కాళ్లతో మడమలు లేపడం, తరవాత కుడి వైపు కొంచెం కొంచెం బరువు మార్చడం, రోజూ ఇదే పని. కుడి పిక్క ఎడమదానికన్నా ఇప్పటికీ సన్నగానే ఉంది.

ఎనిమిదో నెల ఇది. నిన్న గోడ పట్టుకుని ఒంటి కాలి మీద మడమ లేపాను, ఎడమ కాలితో ఇరవై ఐదు, కుడి కాలితో ఆరు, ఏడోది సగంలో ఆగిపోయింది. ఏడాది నిండాక, రెండు కాళ్ల లెక్క దగ్గరపడితేనే షటిల్ గురించి మాట్లాడదామన్నారు డాక్టర్ గారు. బ్యాట్ తమ్ముడి దగ్గరే ఉంచమన్నాను.