కటాఫ్ టెస్టింగ్: లెడ్జర్ మూసి గేటు రిజిస్టర్ తెరిచాక తెలిసింది

సీఏ ఆర్టికల్‌షిప్‌లో చేరిన ఏడాదే నాకు కటాఫ్ పని అప్పగించారు. విజయవాడ దగ్గర ఒక పీవీసీ పైపుల ఫ్యాక్టరీ, 2023 మార్చి 31తో ముగిసిన సంవత్సరం. కటాఫ్ అంటే మార్చి 31 దగ్గర గీత గీసి, గీతకు ఇటువైపు జరిగిన అమ్మకాలూ కొనుగోళ్లూ ఈ ఏడాది లెక్కలో, అటువైపువి వచ్చే ఏడాది లెక్కలో పడ్డాయో లేదో చూడటం. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక నేను రెండు రోజులు పోగొట్టుకున్నాను.

మొదట అందరిలాగే ట్యాలీ తెరిచాను. Alt+F2 కొట్టి మార్చి 25 నుంచి 31 వరకు పెట్టి, కొనుగోళ్ల రిజిస్టర్‌లోంచి చివరి పది ఎంట్రీలు తీసుకున్నాను. ఒక్కోదానికీ బిల్లు, జీఆర్‌ఎన్ చూశాను. జీఆర్‌ఎన్ అంటే సరుకు అందాక స్టోర్ వాళ్లు రాసే రసీదు. పదికి పదీ సరిపోయాయి. సంతోషంగా కాగితాలు తీసుకెళ్లి సీనియర్ అక్కకు చూపించాను.

"పుస్తకంలో రాసినవి సరిగ్గా ఉన్నాయని చూశావు. రాయకుండా వదిలేసింది ఏదైనా ఉంటే ఇందులో ఎలా కనిపిస్తుంది?" అంది అక్క.

కొనుగోళ్లలో భయం ఎక్కువగా అదే: సరుకు వచ్చింది, ఖర్చు రాయలేదు. కాబట్టి సరుకు వైపు నుంచి పుస్తకం వైపు రావాలి. అమ్మకాల్లో భయం తలకిందులు: సరుకు చేరకముందే అమ్మకం రాసేయడం. అక్కడ పుస్తకం నుంచి సరుకు వైపు వెళ్లాలి. ఏ వైపు నుంచి మొదలుపెడుతున్నామో తెలియకపోతే ఎన్ని బిల్లులు తిరగేసినా లాభం లేదు.

అప్పుడు గేటు దగ్గరికి వెళ్లాను. వాచ్‌మన్ దగ్గర రెండు పెద్ద రిజిస్టర్లు ఉంటాయి, లోపలికి వచ్చే లారీలకు ఒకటి, బయటికి వెళ్లేవాటికి ఒకటి. తేదీ, టైము, లారీ నంబరు, సరుకు, డ్రైవర్ సంతకం. ఈ రిజిస్టర్ రాసే మనిషికి కంపెనీ లాభం ఎంతన్న దానితో సంబంధం లేదు. అందుకే నాకు దాని మీద జీఆర్‌ఎన్ కంటే ఎక్కువ నమ్మకం. జీఆర్‌ఎన్ తీరిక దొరికినప్పుడు రాసే కాగితం.

మార్చి 30 శ్రీరామనవమి. ఆఫీసు సెలవు. ఆ రోజు రాత్రి 8.50కి ఒక లారీ వచ్చినట్టు ఉంది: పీవీసీ రెసిన్, 400 బస్తాలు. బస్తా 25 కిలోలు, అంటే 10 టన్నులు. స్టోర్‌లో అడిగితే మర్నాడు రాసిన జీఆర్‌ఎన్ 1187 చూపించారు. స్టాకు లెక్కింపు రోజున మేము రాసుకున్న చివరి జీఆర్‌ఎన్ నంబరు 1189. ట్యాలీలో 1186 ఉంది, 1188, 1189 ఉన్నాయి, మార్చిలో 1187 మాత్రం లేదు. ఏప్రిల్‌కి వెళ్లి వెతికితే 3వ తేదీన కనిపించింది, 8,50,000 రూపాయలు.

అకౌంటెంట్ గారిని అడిగాను. "బిల్లు మార్చి 28దేనమ్మా. డ్రైవర్ స్టోర్‌లో ఇచ్చి వెళ్లాడు. సెలవుల తర్వాత సోమవారం నా టేబుల్ మీదికొచ్చింది, వచ్చిన రోజున ఎంట్రీ వేశాను" అన్నారు. ఆయన దాచిందేమీ లేదు. కాగితం ఆలస్యంగా నడిచింది, అంతే.

కానీ మార్చి 31 సాయంత్రం ఆ 400 బస్తాలను మేము గోడౌన్‌లో లెక్కపెట్టాం. అవి ముగింపు స్టాకులో ఉన్నాయి, కొనుగోలు ఖర్చు మాత్రం లేదు. ఖర్చు లేకుండా స్టాకు పెరిగితే ఆ మొత్తమంతా లాభంగా తేలుతుంది. అంటే 8,50,000 లాభం ఎక్కువ. అదే, బస్తాలను లెక్కింపులోనూ వదిలేసి ఉంటే లాభం మారేది కాదు, స్టాకూ సరఫరాదారుడికి ఇవ్వాల్సిన బాకీ రెండూ తక్కువగా కనిపించేవి. కొత్తగా ఈ పని చేసేవాళ్లు తప్పు దొరకగానే ఆగకుండా "ఈ సరుకు స్టాకు లెక్కలో ఉందా?" అని అడగాలి. ఆ జవాబును బట్టే అంకె మారుతుంది.

సవరణ తేలికే: మార్చి 31 తేదీతో కొనుగోళ్లకు డెబిట్, సరఫరాదారుడికి క్రెడిట్. బిల్లు నిజంగానే రాకపోతే కొనుగోలు ఆర్డర్‌లోని ధరతో, జీఎస్టీ కలపకుండా, ఇంకా అందని బిల్లుల బాకీ ఖాతాలో పెడతారు.

ఇక అమ్మకాలు. ట్యాలీలో మార్చి చివరి ఐదు రోజుల ఇన్‌వాయిస్‌లు తీసుకున్నాను. ఐదే ఎందుకంటే, ఈ కంపెనీ లారీలు దూరపు డీలరుకైనా రెండు రోజుల్లో చేరతాయి. సముద్రం మీద సరుకు పంపే కంపెనీ అయితే ఈ గడువు చాలదు. ఒక్కో ఇన్‌వాయిస్‌కు గేటు రిజిస్టర్‌లో బయటికెళ్లిన టైము, లారీ రసీదు, డీలరు సరుకు ముట్టిందని సంతకం పెట్టిన కాపీ చూడాలి. ఈ మూడో కాగితాన్నే చాలామంది వదిలేస్తారు.

శ్రీకాకుళం డీలరుకు మార్చి 31న 4,20,000 రూపాయల ఇన్‌వాయిస్ ఉంది, జీఎస్టీ కాకుండా. లారీ ఉదయం 11.40కి గేటు దాటింది, మధ్యాహ్నం మొదలైన పైపుల లెక్కింపులో ఆ సరుకు లేదు. అంతా బాగానే ఉందనుకుని టిక్కు పెట్టబోయి ఆర్డర్ కాగితం చూశాను. షరతు ఎఫ్‌ఓఆర్, డీలరు గోడౌన్ దాకా. అంటే దారిలో సరుకు పాడైతే నష్టం మా క్లయింటుదే. డీలరు సంతకం కింద తేదీ ఏప్రిల్ 1. ఆదాయం ఎప్పుడు రాయాలో చెప్పే అకౌంటింగ్ ప్రమాణం ఏఎస్ 9 ప్రకారం సరుకు తాలూకు ముఖ్యమైన రిస్కులూ ప్రయోజనాలూ కొన్నవాడికి మారితేనే అమ్మకం. ఇక్కడ అవి మారింది ఏప్రిల్‌లో. షరతు 'ఫ్యాక్టరీ గేటు దగ్గర అప్పగింత' అయి ఉంటే ఇదే ఇన్‌వాయిస్ మార్చి అమ్మకమే అయ్యేది.

అకౌంటెంట్ గారు ఇక్కడ గట్టిగా అడ్డుకున్నారు. "మార్చి అమ్మకాల జీఎస్టీ రిటర్న్ GSTR-1లో చూపించేశాం కదమ్మా, ఇప్పుడు అమ్మకం ఎలా తీసేస్తాం?" నాకు జవాబు తెలియలేదు, అక్క చెప్పింది. సరుకు కదిలేటప్పుడు ఇన్‌వాయిస్ ఇవ్వాలి, పన్ను దాన్ని బట్టే పడుతుంది. కాబట్టి రిటర్న్ సరైనదే, దాన్ని ముట్టుకోనక్కర్లేదు. ఖాతాల్లో ఆదాయం వేరే సూత్రం మీద నడుస్తుంది. రెండింటికీ వచ్చే తేడాను, ఖాతాలకూ జీఎస్టీ రిటర్న్‌లకూ పొంతన చూపే GSTR-9Cలో చూపించుకోవచ్చు.

4,20,000 అమ్మకం తీసేసి, ఆ పైపుల ఖరీదు 3,50,000ను దారిలో ఉన్న స్టాకుగా చేర్చాం. లాభం తగ్గింది 70,000 మాత్రమే. అదే లారీ ఆ సాయంత్రం దాకా ఆవరణలోనే ఉండి, పైపులను మేము లెక్కపెట్టి ఉంటే, తప్పు పూర్తి 4,20,000 అయ్యేది.

చివరగా ఏప్రిల్‌లో ఇచ్చిన క్రెడిట్ నోట్లు చూశాను. మార్చి ఆఖర్లో పెద్ద ఇన్‌వాయిస్ వేసి ఏప్రిల్‌లో వెనక్కి తీసుకున్నట్టు ఉంటే అది అసలు అమ్మకమేనా అని అడగాలి. ఇక్కడ అలాంటిది దొరకలేదు.

మరుసటి ఏడాది మార్చి 31న అదే ఫ్యాక్టరీకి మళ్లీ వెళ్లాను. ఈసారి గోడౌన్‌లోకి వెళ్లకముందే గేటు దగ్గర ఆగి, రెండు రిజిస్టర్లలోనూ చివరి వరుస కింద ఎర్ర సిరాతో గీత గీసి, టైము వేసి, సంతకం పెట్టాను.