300 గ్రాముల బియ్యం, 840 గ్రాముల అన్నం

ఆదివారం, హనుమకొండ

ఈ రోజు ఇంట్లో వండినవన్నీ పొయ్యి మీద పెట్టక ముందు ఒకసారి, దించిన తర్వాత ఒకసారి తూచాను. తమ్ముడు జిమ్‌కు పోవడం మొదలుపెట్టినప్పటి నుంచి, తిన్న ప్రతి పదార్థాన్నీ ఫోన్‌లోని యాప్‌లో రాసుకుంటున్నాడు. కంచంలో 240 గ్రాముల అన్నం పెట్టుకుని, యాప్‌లో మొదట కనిపించిన "బియ్యం" మీద నొక్కి 240 అని కొడితే, అది 850 క్యాలరీలు చూపిస్తోంది. ఆ అంకె చూసి వాడు అన్నాన్ని సగానికి సగం తగ్గించుకుంటున్నాడు. వాడు తూచినది అన్నం, యాప్ లెక్కకట్టినది బియ్యం. ఈ తేడా నోటిమాటతో చెబితే నిలవదని, గిన్నె ముందు కూర్చోబెట్టి చూపించాను.

ముందుగా ఖాళీ గిన్నెను తూచి, 410 గ్రాములని దాని అడుగున మార్కర్‌తో రాశాను. అందులో 300 గ్రాముల బియ్యం పోసి, కడిగి, ఎసరు పెట్టి, గంజి వార్చకుండా ఇగరబెట్టాము. దించిన తర్వాత గిన్నెతో కలిపి 1,250 గ్రాములు తూగింది. గిన్నె బరువు తీసేస్తే అన్నం 840 గ్రాములు.

"అక్కా, 300 పోస్తే 840 ఎట్లయింది?" అని తమ్ముడు అడిగాడు.

"పాత బియ్యం బిడ్డా, నీళ్లు బాగ గుంజుతయ్," అని అమ్మ సమాధానం చెప్పింది.

అమ్మ చెప్పినదే అసలు కారణం. బియ్యంలో తేమ సాధారణంగా నూటికి పది నుంచి పద్నాలుగు పాళ్లే ఉంటుంది. ఎసట్లో వేడెక్కినకొద్దీ గింజలోని పిండిపదార్థం నీటిని పీల్చుకుని ఉబ్బుతుంది, చివరకు అన్నం బరువులో మూడింట రెండు వంతులు నీరే అవుతుంది. నీటికి క్యాలరీలు లేవు. కాబట్టి ఆ 840 గ్రాముల అన్నంలో ఉన్నది 300 గ్రాముల బియ్యంలో ఉన్న శక్తే. అది ఎక్కువ బరువు మీదికి పరచుకుంది, అంతే. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో వెలువరించిన ఆహార పదార్థాల పట్టికల ప్రకారం 100 గ్రాముల వండని తెల్ల బియ్యంలో సుమారు 356 క్యాలరీలు ఉంటాయి. 840ని 300తో భాగిస్తే 2.8 వస్తుంది. తమ్ముడి కంచంలోని 240 గ్రాములను ఆ 2.8తో భాగిస్తే 86 గ్రాముల బియ్యం, అంటే సుమారు 305 క్యాలరీలు. 850కీ 305కీ మధ్య ఉన్నది ఒక పూట భోజనమంత తేడా.

అయితే ఈ 2.8ని పట్టుకుని అన్ని రోజులకూ వాడుకోవడానికి లేదు. కొత్త బియ్యానికి అన్ని నీళ్లు పోస్తే ముద్దవుతుంది కనుక అమ్మ ఎసరు తగ్గిస్తుంది. అప్పుడు అదే 300 గ్రాములకు 750 గ్రాముల దాకానే అన్నం అవుతుంది. ఆ అన్నం 240 గ్రాములు తింటే 96 గ్రాముల బియ్యం తిన్నట్టు, అంటే సుమారు 342 క్యాలరీలు. కంచంలో బరువు ఒక్కటే అయినా లోపలి గింజ వేరు. గంజి వార్చిన రోజు కొంత పిండిపదార్థం గంజితో పాటు పోతుంది కనుక, గంజి తాగని వారికి ఈ లెక్క అసలుకంటే కాస్త ఎక్కువ చూపుతుంది. ఆ కాస్తను నేను పట్టించుకోను.

పప్పు దగ్గర ఈ విషయం ఇంకా స్పష్టంగా కనిపించింది. 150 గ్రాముల కందిపప్పు కుక్కర్‌లో ఉడికి, మెదిపిన తర్వాత 480 గ్రాములయింది. అమ్మ ఆపైన చింతపండు పులుసు, నీళ్లు పోసి మరిగించి పప్పుచారు చేసింది. అప్పుడు మొత్తం 900 గ్రాములకు చేరింది. గరిటెతో 120 గ్రాములు తీసుకున్నామనుకుంటే, ముద్దగా ఉన్నప్పుడు అందులో 37 గ్రాములకు పైగా కందిపప్పు, సుమారు 8 గ్రాముల ప్రొటీన్ ఉన్నాయి. పప్పుచారయ్యాక అదే 120 గ్రాముల్లో ఉన్నది 20 గ్రాముల పప్పు, 4 గ్రాములకు కాస్త పైన ప్రొటీన్. యాప్‌లో "ఉడికిన పప్పు" అని ఉండే అంకె ఏ ఇంట్లో, ఎన్ని నీళ్లతో ఉడికిన పప్పుదో మనకు తెలియదు. అన్నానికైనా వండిన అంకె కొంతవరకు పనికొస్తుంది కాని, పప్పుకు మాత్రం వండక ముందు తూచి, గిన్నె మొత్తంలో మన వాటా ఎంతో చూసుకోవడం తప్ప వేరే దారి నాకు కనిపించలేదు.

మాంసం దగ్గరికి వచ్చేసరికి లెక్క తలకిందులవుతుంది. తమ్ముడి కోసం ఎముకలు లేని 500 గ్రాముల కోడి రొమ్ము మాంసం తెచ్చి, పెనం మీద కొద్ది నూనెతో వేయించాము. మొదట ముక్కలు తెల్లబడి నీరు వదిలాయి, పెనం అడుగున ఆ నీరు సన్నగా మరిగింది, అది ఇగిరిపోయిన తర్వాతే ముక్కలు ఎర్రబడ్డాయి. చివరకు 360 గ్రాములు తూగింది. పచ్చి మాంసంలో నూటికి 70 పాళ్లకు పైగా నీరే ఉంటుంది. వేడికి కండలోని ప్రొటీన్ గట్టిపడి ముడుచుకున్నప్పుడు ఆ నీటిలో కొంత బయటికి వస్తుంది. ప్రొటీన్ మాత్రం దాదాపు అంతా ముక్కలోనే ఉండిపోతుంది. కాబట్టి పచ్చిగా 100 గ్రాములకు 22, 23 గ్రాములుండే ప్రొటీన్, వేగిన ముక్కల్లో 100 గ్రాములకు 31 దాకా పెరుగుతుంది. తమ్ముడు వేగిన ముక్కలు 150 గ్రాములు తిని, పచ్చి మాంసం లెక్కన రాసుకుంటే 34 గ్రాముల ప్రొటీన్ చూపుతుంది. నిజానికి వాడు తిన్నది 208 గ్రాముల పచ్చి మాంసానికి సమానం, ప్రొటీన్ 47 గ్రాములు. అంటే వాడి పద్ధతిలో అన్నం ఉన్నదానికంటే చాలా ఎక్కువగానూ, మాంసం తక్కువగానూ లెక్కకు వస్తున్నాయి. అన్నం తగ్గించి ప్రొటీన్ పొడి కొనాలని వాడు అనుకోవడానికి ఈ రెండు తప్పుడు అంకెలే కారణం.

యాప్‌లో పేరు పక్కన వండినదో వండనిదో రాయకపోతే అంకెను బట్టే గుర్తుపట్టవచ్చని వాడికి చూపించాను. 100 గ్రాములకు 350 దరిదాపుల్లో ఉంటే అది బియ్యం, 130 దరిదాపుల్లో ఉంటే అన్నం. కందిపప్పుకు 330 ఉంటే అది ఉడకనిది. కోడి రొమ్ముకు ప్రొటీన్ 22 ఉంటే పచ్చిది, 30 దాటితే వండినది. ప్యాకెట్ మీద అచ్చువేసిన అంకెలు సాధారణంగా అమ్మిన స్థితిలో ఉన్న సరుకువే. నూనెను మాత్రం విడిగా రాసుకోవాలి, ఏ పట్టికలోని మాంసమూ మన పెనం మీది నూనెను లెక్కలోకి తీసుకోదు.

ఇంటిల్లిపాదికీ వండిన మటన్ కూర ఇంత సులువుగా తేలలేదు. ముక్క వదిలిన నీరు, కరిగిన కొవ్వు పులుసులోకే పోతాయి; ఎక్కువ పులుసు వేసుకున్నవారికి కొవ్వు ఎక్కువగా, ముక్కలు ఏరుకున్నవారికి ప్రొటీన్ ఎక్కువగా వెళతాయి. పైగా కొట్టువాడు తూచి ఇచ్చిన కిలోలో ఎముక ఎంతో ముందుగా తెలియదు. అందుకని తమ్ముడి కంచంలోని ముక్కలను పులుసు లేకుండా తూచి, తిన్న తర్వాత మిగిలిన ఎముకలను మళ్లీ తూచి తీసేశాము. 180 గ్రాముల ముక్కల్లో 55 గ్రాములు ఎముకలే. మిగిలిన 125 గ్రాములను "వండిన మటన్, ఎముక లేనిది" అన్న పేరు కింద రాసుకొమ్మని, పులుసు కోసం ఒక చెంచా నూనె అదనంగా కలుపుకొమ్మని చెప్పాను. ఇది ఉజ్జాయింపే; కొవ్వు ఎక్కువగా ఉన్న ముక్కలు పడిన రోజు దీనికి ఇంకాస్త కలపాలి.