బొడ్డు దగ్గర మొదలై కుడివైపుకు దిగిన నొప్పి

రాత్రి ఎనిమిది గంటల ప్రాంతంలో బొడ్డు చుట్టూ మందంగా నొప్పి మొదలైంది. ఎక్కడో చూపించమంటే వేలు పెట్టలేక అరచేతిని కడుపంతా తిప్పాను. అన్నం సహించలేదు, తరువాత ఒకసారి వాంతి అయింది. గ్యాస్ అనుకుని పడుకున్నాను. తెల్లవారేసరికి బొడ్డు దగ్గర నొప్పి దాదాపు పోయి, పొత్తికడుపు కుడివైపున, తుంటి ఎముకకు కాస్త లోపలగా, ఒక్క వేలితో చూపగలిగే చోట పోటుగా నిలిచింది. దగ్గినా, ఆసుపత్రికి వెళ్లే దారిలో బండి గతుకులో పడినా ప్రాణం అక్కడికే వచ్చేది.

డాక్టరుగారు ముందు అడిగింది నొప్పి ఇప్పుడు ఎక్కడుందని కాదు, ఎక్కడ మొదలైందని. ఎడమవైపు నొక్కితే కుడివైపు నొప్పి పుట్టింది. కుడివైపు మెల్లగా నొక్కి చటుక్కున చేయి తీసినప్పుడు, నొక్కినప్పటికన్నా ఎక్కువ బాధ కలిగింది.

ఇది అపెండిక్స్ వాపేనని డాక్టరుగారు అనుమానించారు. అపెండిక్స్ పెద్దపేగు మొదట్లో వేలాడే, ఒక కొస మూసుకున్న సన్నని గొట్టం. గట్టిపడిన మలపు ఉండ వంటిదేదైనా దాని నోటికి అడ్డుపడితే లోపల ద్రవం నిండి అది ఉబ్బుతుంది. దాని నరాలు, బొడ్డు దగ్గరి చర్మపు నరాలు వెన్నుపాములో ఒకే మట్టానికి చేరతాయి కనుక మెదడు ఆ నొప్పిని బొడ్డుకు అంటగడుతుంది. వాపు గొట్టం పైపొరకు పాకి, కడుపు గోడ లోపలి పొరను తాకాక మాత్రం, ఆ పొర నరాలు సరిగ్గా చోటు చెబుతాయి. అయితే అందరిలోనూ నొప్పి ఇలా దిగదు. గొట్టం పేగు వెనక్కి మడిచి ఉన్నవారికి నడుము పక్కన రావచ్చు.

"మధ్యలో నొప్పి ఒక్కసారిగా తగ్గిందా?" అని డాక్టరుగారు రెండుసార్లు అడిగారు. తగ్గితే మంచిదే కదా అన్నాను. లోపలి ఒత్తిడి పెరిగేకొద్దీ రక్తప్రసరణ ఆగి, గొట్టం గోడ కుళ్లి చిల్లు పడుతుందని, ఆ క్షణాన ఒత్తిడి దిగిపోవడంతో కొంతసేపు హాయిగా ఉంటుందని, ఈలోగా చీము, మలంలోని సూక్ష్మజీవులు కడుపు కుహరంలోకి పారుతాయని వివరించారు. శరీరం దానిని ఒకచోట కట్టడి చేయగలిగితే చీముగడ్డగా మిగులుతుంది. చేయలేకపోతే కడుపంతా పలకలా బిగుసుకుని, జ్వరం పెరిగి, రక్తం దాకా విషమించవచ్చు. తొలి 24 గంటల్లో పగలడం అరుదేనట, కానీ 36 గంటలు దాటితే ముప్పు పెరుగుతుందట.

రక్తపరీక్షలో తెల్లకణాలు పెరిగాయి, స్కానింగ్‌లో ఉబ్బిన గొట్టం కనిపించింది. సాయంత్రం నాలుగింటికి మూడు చిన్న రంధ్రాల ద్వారా దానిని తీసేశారు. పగలలేదు గానీ కొస అప్పటికే నల్లబడిందని మరునాడు చెప్పారు. నొప్పి బిళ్ల వేసుకుని ఇంకో రాత్రి చూద్దామని ఆ పొద్దున నేను అనుకున్న సంగతి వారికి చెప్పలేదు.