40 కుర్చీలు, 38 మంది

"40 కుర్చీలున్నాయి, భోజనాలకి వచ్చేది 38 మంది. ఇంకా టెన్షన్ దేనికి?" అన్నాడు బావ, ఫోన్లోంచి తలైనా ఎత్తకుండా. ఆ మాట ఇందాకటి నుంచీ గుచ్చుతూనే ఉంది.

టేబుళ్లు 5, ఒక్కోదానికి 8 కుర్చీలు. వచ్చేవాళ్లలో ఐదుగురేసి ఉన్న కుటుంబాలు 6, ముగ్గురేసి ఉన్నవి 2, ఇద్దరున్నది 1. ఏ కుటుంబమైనా ఒకే టేబుల్ దగ్గర కూర్చోవాలన్నది నా పట్టు. ఐదుగురు కూర్చున్నాక టేబుల్ దగ్గర మిగిలేది 3 కుర్చీలే. ఇంకో ఐదుగురు అక్కడ పట్టరు. అంటే టేబుల్‌కి అలాంటి కుటుంబం ఒక్కటే, ఆరో కుటుంబానికి చోటే లేదు. ఖాళీలు మొత్తం మీద సరిపోతాయి కానీ ఒకచోట ఉండవు. ఇది కాగితం మీద గీసి చూపించినా "సర్దుకుంటార్లే" అంటాడే!

సర్దుకోవడం అంటే ఏమిటో నాకు తెలుసు. అప్పట్లో ఓ ఫంక్షన్‌లో అమ్మమ్మని, ఒక కుర్చీ ఖాళీగా ఉందని, ముక్కూమొహం తెలియని వాళ్ల మధ్య కూర్చోబెట్టారు. ఆవిడకి ఎడమ చెవి సరిగా వినపడదు. పక్కవాళ్లు ఏదో అడిగితే నవ్వి ఊరుకుంది. నీళ్లు కావాలని కూడా ఎవరినీ అడగలేదు. కంచంలో సగం అలాగే ఉంది. చూపంతా మేం కూర్చున్న వైపే. అందుకే ఏ కుటుంబాన్నీ విడదీయకూడదని పట్టుబట్టాను.

కానీ ఇది రాస్తుంటేనే అనిపిస్తోంది, అమ్మమ్మకి కావలసింది కుటుంబమంతా కాదు, పక్కన తెలిసిన మనిషి ఒకరు. చిన్నపిల్లలకీ అంతే. అక్క వాళ్ల పెద్ద పిల్లలిద్దరికీ ఆ అవసరం లేదు. చిన్నక్క పిల్లల పక్కన వేస్తే ఎగిరి గంతేస్తారు. అక్కనడిగి ఆ ఇంటిని 3, 2 గా చేస్తే, మిగిలినవి 3, 3, 3, 2, 2. ఐదు టేబుళ్ల దగ్గరా మూడేసి ఖాళీలున్నాయి కదా, ఒక్కోదాంట్లో ఒక్కో గుంపు. పట్టేశారు! వెతికి వెతికి విడదీసింది బావ ఇంటినే అయింది.

ఇక వెజ్ లెక్క. వదిన ఇంటికొకటి చొప్పున "వెజ్", "నాన్‌వెజ్" అని రాసిచ్చింది. అలా కాదు, మనిషికి మనిషిగా రాయాలి. అక్క పెద్దకూతురు ఒక్కతే ఆ ఇంట్లో వెజ్. అలా లెక్కేస్తే వెజ్ వాళ్లు మొత్తం 11 మంది. అది మారదు, కానీ ఆ పిల్ల టేబుల్ మారింది కాబట్టి ఒక టేబుల్ చీటీలో ఒకటి తగ్గాలి, ఇంకోదాంట్లో పెరగాలి. వడ్డించేవాళ్ల చేతిలో ఉండేది ఆ చీటీయే, మొత్తం కాదు. చీటీలన్నీ మళ్లీ రాశాను.

రెండు టేబుళ్ల దగ్గర ఒక్కో కుర్చీ మిగిలింది. పిన్ని వాళ్లు మనవడికి ఎత్తు కుర్చీ కావాలో వద్దో చెప్పలేదు. వాడు ఇప్పుడు లెక్కలో లేడు. కావాలంటే ఆ టేబుళ్లలో ఒకదానికే వాళ్లని మార్చాలి. పొద్దున్నే ఫోన్ చేయాలి.