ఒక్క కర్పూరం బిళ్ల

కార్తీక సోమవారం సాయంత్రం హారతిచ్చి, కర్పూరం డబ్బా దేవుడి గూటి ముందు నేల మీదే పెట్టి వంటింట్లోకి వెళ్లాను. తిరిగొచ్చేసరికి డబ్బా మూత ఊడి ఉంది. ఏడాదిన్నర మా బాబు మొహం చిట్లించుకుని చొల్లు కారుస్తున్నాడు. నోటి దగ్గర వాసన చూస్తే ఘాటుగా కర్పూరం. చేతిలో సగం కొరికిన బిళ్ల ఉంది. చూడ్డానికి అచ్చం పిప్పరమెంటే.

నోట్లో మిగిలిన ముక్కలు తడిగుడ్డతో తుడిచేశాను. అత్తయ్య పాలు పట్టమన్నారు, మా ఆయన ఉప్పునీళ్లు తాగించి కక్కిద్దామన్నారు. ‘తీర్థంలో కూడా వేస్తారుగా, ఏమవుతుందిలే’ అంది పక్కింటావిడ. తీర్థంలో వేసేది చిటికెడు పచ్చకర్పూరం, అదీ చెంబెడు నీళ్లలో. ఇది బిళ్ల. నాకెందుకో భయమేసి, ఏమీ పట్టకుండానే బాబునీ డబ్బానీ తీసుకుని ఆటో ఎక్కాం.

దారిలోనే కళ్లు పైకి తేలేశాడు. కాళ్లూ చేతులూ కొట్టుకోవడం మొదలైంది. తిన్నాక ఇరవై నిమిషాలు కూడా కాలేదు, అంతవరకూ మామూలుగానే ఏడుస్తున్నాడు. ఒళ్లోనే ఒక పక్కకు తిప్పి పడుకోబెట్టాను, నోట్లో వేలు గానీ చెంచా గానీ పెట్టలేదు.

ఆస్పత్రిలో ముక్కులో మందు స్ప్రే చేస్తే ఫిట్స్ ఆగాయి. డాక్టరమ్మ అడిగినవి మూడే: ఎప్పుడు తిన్నాడు, ఎన్ని తగ్గాయి, డబ్బా తెచ్చారా? కలరా ఉండలైతే విషం వేరు, అది రక్తాన్ని దెబ్బతీస్తుందట, అందుకే డబ్బా చూడాలట. కర్పూరం కడుపులోంచి రక్తంలోకి, అక్కణ్ణుంచి మెదడుకి చాలా త్వరగా వెళుతుంది. ఐదు నిమిషాల నుంచి గంటన్నరలోపు, ముందు సూచన లేకుండానే ఫిట్స్ రావచ్చు. ఒక్క గ్రాము కూడా పసిపిల్లల ప్రాణం తీయగలదు. దీనికి విరుగుడు మందు లేదు, ఫిట్స్‌ని ఆపుతూ ఊపిరి కాచుకోవడమే వైద్యం.

పాలు పట్టనందుకు ‘మంచి పని చేశారు’ అందావిడ. కొవ్వులో కర్పూరం తేలిగ్గా కరుగుతుంది, పాలూ నూనే దాన్ని ఒంట్లోకి ఇంకా త్వరగా పట్టిస్తాయి. కక్కిస్తుండగా ఫిట్స్ వస్తే వాంతి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఇంకో మాట కూడా అంది. ఆటోలో కాకుండా 108కి ఫోన్ చేసుంటే దారిలోనే ఆక్సిజన్ ఉండేదట. ఆ కంగారులో మాకు తోచలేదు.

రాత్రంతా ఆస్పత్రిలోనే ఉంచారు. మళ్లీ ఫిట్స్ రాలేదు. తెల్లవారుజామున కళ్లు తెరిచి నా చేతిగాజులు లాగాడు. నోట్లో ఇంకా సన్నగా కర్పూరం వాసన వస్తూనే ఉంది. వెళ్లేముందు డాక్టరమ్మ ‘జలుబుకి కర్పూరం కలిపిన కొబ్బరినూనె రాస్తారా?’ అని అడిగింది. వాడు పుట్టినప్పటినుంచీ రాస్తూనే ఉన్నాం. చర్మం గుండా కూడా ఒంట్లోకి ఇంకుతుందని చెప్పింది. ఇంటికొచ్చాక అత్తయ్యే ఆ సీసా తీసుకెళ్లి పారబోశారు.