ఆ "కాస్త" సవరణ

బొమ్మలు తయారుచేసే ఏఐ టూల్స్ వచ్చాక నాకు పోస్టర్ల పని బాగా తగ్గింది. ప్రాంప్టులు రాయడం నేర్పే కోర్సుకు డబ్బు కట్టబోయాను. అంతలో పాత క్లయింటు ఒకాయన తానే ఏఐతో చేయించిన బొమ్మ పంపి, "కాస్త ప్రింటుకు సరిచేయండి, చాలు" అన్నారు.

ఆ "కాస్త"కు రెండు రోజులు పట్టింది. అది 1024 పిక్సెళ్ల చదరపు బొమ్మ. అంగుళానికి 300 పిక్సెళ్ల లెక్కన మూడున్నర అంగుళాలకు కూడా చాలదు. ఆయనకు కావలసింది ఏ4 కరపత్రం! తెర మీద రంగుల పద్ధతి ఆర్‌జీబీ నుంచి అచ్చులో వాడే నాలుగు సిరాల పద్ధతి సీఎంవైకేకు మార్చగానే మెరిసే ఆకుపచ్చ కాస్తా వాడిపోయింది. అన్నిటికన్నా చిక్కు అక్షరాలతో వచ్చింది. అవి బొమ్మలో భాగమైపోవడంతో నలుపు కూడా నాలుగు సిరాలుగా విడిపోయింది. అచ్చులో ప్లేటు వెంట్రుకవాసి జరిగినా చిన్న అక్షరాల చుట్టూ రంగుల నీడ తేలుతుంది. అందుకే వాటిని చెరిపి, మళ్లీ టైపు చేసి, నల్ల సిరా ఒక్కటే పడేలా పెట్టాను. కత్తిరింపులో పోయే అదనపు అంచుగా చుట్టూ 3 మిల్లీమీటర్ల బ్లీడ్ వదిలాను.

ఇందుకోసం ప్రెస్సు ఆపరేటర్‌కు మూడుసార్లు ఫోన్ చేయాల్సి వచ్చింది. పదిహేనేళ్లుగా డిజైనర్‌నని చెప్పుకుంటున్నందుకు సిగ్గేసింది కూడా.

కోర్సు ఆలోచన మానేశాను. ఫైళ్లను అచ్చుకు సిద్ధం చేసే పని, ప్రీప్రెస్ నేర్చుకుంటున్నాను. శనివారాలు ఆ ఆపరేటర్ పక్కనే స్టూలు వేసుకుని కూర్చుంటున్నాను. నిన్న ఆయన భూతద్దం చేతికిచ్చి అచ్చులోని సిరా చుక్కలు చూడమన్నారు. నాకింకా అన్నీ ఒకేలా కనిపిస్తున్నాయి.