డోంబివలి నుంచి దాదర్: ఏ లోకల్, ఏ డబ్బా?

ఆఫీసు ట్రైనింగ్ కోసం ముంబైలోని లోయర్ పరేల్‌కి వెళ్ళాల్సి వచ్చింది. అక్కావాళ్ళు ఉండేది డోంబివలిలో. నిజామాబాద్‌లో దేవగిరి ఎక్స్‌ప్రెస్ ఎక్కి తెల్లవారేసరికి కళ్యాణ్‌లో దిగాను. బావ ఆటో తీసుకొచ్చాడు. ఇంటికి వెళ్ళే దారిలోనే అడిగాడు, "రేపు తొమ్మిదిన్నరకి అక్కడ ఉండాలా? అయితే ఫాస్ట్‌లో వెళ్తావా, స్లోలోనా?"

తొందరగా చేరాలంటే ఫాస్ట్ అనే కదా ఎవరైనా అంటారు, నేనూ అదే అన్నాను. బావ ఒప్పుకోలేదు. "ఎక్కడ దిగాలో ముందు అది చూడు, తర్వాత బండి ఎక్కడ మొదలవుతుందో చూడు. స్పీడు సంగతి ఆఖర్న" అన్నాడు. అక్కడ ఉన్నన్నాళ్ళూ ఆ వరసలోనే ఆలోచించాను, చాలా ఉపయోగపడింది.

లోయర్ పరేల్ పశ్చిమ రైల్వే లైన్‌లో ఉంది, డోంబివలి మధ్య రైల్వేలో. రెండూ కలిసే చోటు దాదర్. కాబట్టి నాకు రెండు దారులున్నాయి. ఫాస్ట్ లోకల్‌లో దాదర్ దాకా వెళ్ళి, వంతెన ఎక్కి పశ్చిమం వైపుకి మారి, చర్చ్‌గేట్ వెళ్ళే స్లో పట్టుకుంటే ప్రభాదేవి తర్వాత వచ్చేదే లోయర్ పరేల్. టికెట్ దాదర్ మీదుగా ఒకటే తీసుకోవచ్చు. రెండోది, స్లోలో కూర్చుని మారకుండా కరీ రోడ్‌లో దిగి అక్కణ్ణుంచి నడవడం. కరీ రోడ్, లోయర్ పరేల్ రెండూ వేర్వేరు లైన్లలో ఉన్నా నడిచిపోయేంత దగ్గర. కరీ రోడ్‌లో ఫాస్ట్ ఆగదు.

డోంబివలికీ దాదర్‌కీ మధ్య స్లో బండికి పదిహేను స్టేషన్లు. ఫాస్ట్ వీటిలో ఠాణే, ఘాట్‌కోపర్, కుర్లా లాంటి కొన్నిట్లోనే ఆగుతుంది. ములుండ్‌లో కొన్ని ఫాస్టులు ఆగుతాయి, కొన్ని ఆగవు. టైములో తేడా ఇరవై నిమిషాల దాకా ఉంటుంది. కానీ దాదర్‌లో వంతెన మీద జనంతో పాటు మెల్లగా కదలడం, అవతల ఇంకో బండి కోసం చూడటం కలిపితే ఆ ఇరవై నిమిషాల్లో సగానికి పైగా కరిగిపోతుంది. చర్చ్‌గేట్ వైపు బండి వెంటనే దొరికిన రోజు ఫాస్ట్ గెలుస్తుంది, దొరకని రోజు రెండూ దాదాపు సమానం.

పొద్దున ఎనిమిదింటికి డోంబివలి ప్లాట్‌ఫాం చూస్తే, బండి ఎక్కడ మొదలవుతుందో చూడమని బావ ఎందుకన్నాడో అర్థమవుతుంది. కసారా నుంచి, కర్జత్ నుంచి వచ్చే రెండు లైన్లూ కళ్యాణ్‌లో కలుస్తాయి. టిట్వాలా, బద్లాపూర్, అంబర్‌నాథ్ జనమంతా ఆ బళ్ళలోనే వస్తారు. డోంబివలి చేరేసరికి తలుపు దగ్గర చెయ్యి పెట్టడానికి కూడా సందు ఉండదు. అందుకే బావలాంటి వాళ్ళు డోంబివలిలోనే మొదలయ్యే లోకల్ టైములు కంఠతా పట్టి ఉంటారు. ప్లాట్‌ఫాం మీది ఇండికేటర్ బోర్డులో ఆ బండి ఎక్కణ్ణుంచి వస్తోందో ఉండదు, ఎక్కడికి వెళ్తుందో మాత్రమే ఉంటుంది. మొదలయ్యే స్టేషన్ తెలుసుకోవాలంటే టైమ్‌టేబుల్ చూడాలి, లేదా ఫోన్లో m-Indicator యాప్ చూడాలి. ముంబైలో చాలామంది ఫోన్లలో ఈ యాప్ ఉంటుంది. ప్లాట్‌ఫాం ఏ వైపు వస్తుందో కూడా అందులో కనిపిస్తుంది, దాని ఉపయోగం తర్వాత చెప్తాను.

ఇండికేటర్ చదవడం కూడా కొంచెం నేర్చుకోవాలి. చివరి స్టేషన్‌కి గుర్తుగా ఒకటి రెండు అక్షరాలు, టైము, ఫాస్ట్ అయితే F, స్లో అయితే S, ఎన్ని డబ్బాల బండో చెప్పే 12 లేదా 15, ఇవీ అందులో ఉండేవి. K అంటే కళ్యాణ్, T అంటే ఠాణే. చిక్కల్లా మధ్య రైల్వేలో కర్జత్‌కి గుర్తు S కావడం. కసారాకి N. ఊరి పేరు చోట S ఉండి వేగం చోట F ఉంటే అది కర్జత్ వెళ్ళే ఫాస్ట్. కొత్తవాళ్ళు మొదటి S చూసి స్లో అనుకుంటారు. సాయంత్రం తిరుగు ప్రయాణంలో ఇది బాగా గుర్తుపెట్టుకోవాలి.

ఇక డబ్బా సంగతి. ఎరుపు, పసుపు ఏటవాలు చారలుంటే ఫస్ట్ క్లాస్. ఆ డబ్బా ఆగే చోట ప్లాట్‌ఫాం మీద కూడా అవే రంగులు కనిపిస్తాయి. సెకండ్ క్లాస్ టికెట్‌తో అందులో దొరికితే ఛార్జీ తేడాతో పాటు కనీసం 250 రూపాయల జరిమానా. ఫస్ట్ క్లాస్ అంటే ఖాళీగా ఉంటుందని అనుకోకూడదు. రద్దీ వేళ డోంబివలిలో అక్కడా నిలబడే వెళ్ళాలి. ఆకుపచ్చ చారలుంటే లేడీస్ డబ్బా. దివ్యాంగులకు, క్యాన్సర్ రోగులకు, గర్భిణులకు వేరే చిన్న డబ్బా ఉంది. పరేల్ టాటా ఆసుపత్రికి మన వైపు నుంచి చాలామంది వస్తుంటారు, వాళ్ళు ఈ డబ్బా గురించి తెలుసుకోవాలి. ఆసుపత్రి కాగితాలు చేతిలో ఉంచుకుని ఎక్కడం మంచిది. లగేజీ డబ్బా కూరగాయల గంపలు, చేపల బుట్టలు మోసుకొచ్చే వ్యాపారుల కోసం. మధ్యలో సీట్లు ఉండవు, గోడ పక్కన బల్లలుంటాయి. పెద్ద సూట్‌కేసు పట్టుకుని రద్దీ వేళ మామూలు డబ్బాలోకి ఎక్కాలని మాత్రం చూడొద్దు. అందుకే బావ కళ్యాణ్‌కి ఆటోలో వచ్చాడు.

2017 డిసెంబరు నుంచి ఏసీ లోకళ్ళు కూడా నడుస్తున్నాయి. వాటికి టికెట్ వేరు, తలుపులు వాటంతటవే మూసుకుంటాయి. మామూలు బళ్ళతో పోలిస్తే సంఖ్య తక్కువ, నా టైముకి కుదిరేది లేదు.

సెకండ్ క్లాస్‌లో కూడా ఏ డబ్బా అన్నది ముఖ్యమే. దిగే స్టేషన్‌లో వంతెన మెట్లు ఎక్కడ వస్తాయో దానికి ఎదురుగా ఆగే డబ్బాలో ఎక్కితే, దిగగానే మెట్లెక్కెయ్యొచ్చు. కానీ అందరూ అదే లెక్క వేస్తారు కాబట్టి ఆ డబ్బాలోనే తోపులాట ఎక్కువ. అక్క సలహా, "మెట్ల డబ్బా వద్దురా, దానికి రెండు డబ్బాలు ఇటు ఎక్కు." అలా ఎక్కితే ఊపిరి ఆడుతుంది, దాదర్‌లో నడక ఒక్క నిమిషం పెరుగుతుంది. నేను రోజూ అదే చేశాను.

ఎక్కగానే తలుపు దగ్గర ఆగకుండా సీట్ల మధ్య సందులోకి వెళ్ళాలి. తలుపు దగ్గర గాలి వస్తుంది నిజమే, కానీ ప్రతి స్టేషన్‌లోనూ దిగేవాళ్ళూ ఎక్కేవాళ్ళూ తోసేది అక్కడే. 2025 జూన్ 9న ముంబ్రా దగ్గర మలుపులో ఎదురెదురుగా వెళ్తున్న రెండు లోకళ్ళ ఫుట్‌బోర్డుల మీద వేలాడుతున్న వాళ్ళు కింద పడి ప్రాణాలు పోగొట్టుకున్నారు. నేను వెళ్ళే దారి అదే. దివా దాటుతున్నప్పుడు తలుపు దగ్గర కుర్రాళ్ళని చూస్తే గుండె దడదడలాడేది. ఫోన్ చేత్తో పట్టుకుని తలుపు దగ్గర నిలబడితే, పట్టాల పక్కనుంచి కర్రతో చేతి మీద కొట్టి ఫోన్ పడగొట్టే ముఠాలున్నాయి. వాళ్ళని అక్కడ ఫట్‌కా గ్యాంగ్ అంటారు. బ్యాగ్ ముందుకు తగిలించుకోవడమో, పైన అరలో పెట్టమని కూర్చున్నవాళ్ళకి అందించడమో చేయాలి. అడిగితే కాదనే మనిషి నాకు కనపడలేదు.

దిగడం ఎక్కడం కంటే కష్టం. బండి ఆగేది అర నిమిషం కూడా ఉండదు. ఫాస్ట్‌లో వెళ్ళిన రోజు ఘాట్‌కోపర్ రాగానే కదలడం మొదలుపెట్టేవాణ్ణి. అక్కడ అంధేరీ వైపు మెట్రో కోసం చాలామంది దిగుతారు, కాస్త సందు దొరుకుతుంది. ముందున్న మనిషి భుజం తట్టి "దాదర్?" అని అడగాలి. అవునని తలూపితే అతని వెనకే ఉండిపోవచ్చు. కాదంటే ఇద్దరూ చోటు మార్చుకోవాలి. ఎవరూ విసుక్కోరు. కుర్లా దాటేసరికి దాదర్‌లో దిగేవాళ్ళంతా ఒక వరసలో తలుపు వైపు సర్దుకుని ఉంటారు. ప్లాట్‌ఫాం ఏ వైపు వస్తుందో ముందే చూసి పెట్టుకోవాలన్నది ఇందుకే. "పుఢీల్ స్టేషన్ దాదర్" అని మరాఠీలో వినిపించాక తలుపు మారాలనుకుంటే కుదరదు. ఆ వరసలో లేకపోతే ఫాస్ట్ మనల్ని నేరుగా బైకుల్లా స్టేషన్‌కి తీసుకెళ్ళిపోతుంది.

దాదర్‌లో ప్లాట్‌ఫాం నంబర్లు 2023 డిసెంబరులో మార్చారు. ఇంతకుముందు రెండు రైల్వేల్లోనూ ఒకటి నుంచి నంబర్లు ఉండేవి, కొత్తవాళ్ళకి తికమకగా ఉండేది. ఇప్పుడు పశ్చిమానివి 1 నుంచి 7, మధ్య రైల్వేవి 8 నుంచి 14. వంతెన మీద నిదానంగా, ఆగకుండా నడవాలి. 2017 సెప్టెంబరు 29న పక్క స్టేషన్‌లో, ఇప్పుడు ప్రభాదేవి అంటున్న అప్పటి ఎల్ఫిన్‌స్టన్ రోడ్‌లో, ఇరుకు వంతెన మీద తొక్కిసలాటలో ఇరవై మందికి పైగా చనిపోయారు. తర్వాత అక్కడ సైన్యం కొత్త వంతెన కట్టింది.

పశ్చిమ లైన్‌లో నేను వెళ్ళింది కొద్ది దూరమే. ట్రైనింగ్‌లో బోరివలి నుంచి వచ్చే ఒకాయన మాత్రం గట్టిగా చెప్పాడు, సాయంత్రం బోరివలి వెళ్ళాలంటే విరార్ ఫాస్ట్ ఎక్కొద్దని. అది బోరివలిలో ఆగినా సరే. విరార్ చర్చ్‌గేట్ నుంచి 60 కిలోమీటర్లు, నాలాసోపారా, విరార్ వాళ్ళకి వేరే దారి లేదు. మధ్యలో దిగేవాళ్ళు చోటు ఆక్రమిస్తే వాళ్ళకి కోపం వస్తుంది, తలుపు దాకా రానివ్వరు. ఆ కోపంలో న్యాయం ఉందనే నాకనిపించింది. బోరివలికి వేరే బళ్ళు చాలా ఉన్నాయి. అదే లెక్కన సాయంత్రం దాదర్‌లో నేను కర్జత్, కసారా బళ్ళు వదిలేసి K కోసం చూసేవాణ్ణి.

మొదటి వారం గడిచాక సాయంత్రాలు దాదర్ వైపే వెళ్ళడం మానేశాను. 2019లో పరేల్‌ని టెర్మినస్ చేశాక కొన్ని లోకళ్ళు అక్కడే మొదలవుతున్నాయి, వాటిలో కళ్యాణ్ వెళ్ళేవీ ఉన్నాయి. లోయర్ పరేల్ నుంచి నడిచి వెళ్ళి, ఖాళీగా నిలిచి ఉన్న బండిలో సీటు చూసుకుని కూర్చునేవాణ్ణి. దాదర్ రాగానే డబ్బా నిండిపోయేది. ముగ్గురు కూర్చునే బల్ల మీద నాలుగో మనిషికి అంచున చోటిస్తారు, ఎవరూ అడగనక్కర్లేదు, కాస్త జరుగుతారంతే. ఠాణే దాటాక కాసేపు మనం లేచి నిలబడ్డవాళ్ళకి సీటివ్వడం కూడా మామూలే. ఇంటికి చేరడం ఇరవై నిమిషాలు ఆలస్యమయ్యేది. అక్క అన్నం వడ్డిస్తూ "స్లోలో వచ్చావా?" అని అడిగేది, చొక్కా నలగలేదు కాబట్టి.